పన్నెండు వారాల సెలవు, అరవై విడి రోజులు

అమెరికాలో తెలుగింట పురుడంటే మొదటి నెలల్లో ఇల్లు నిండుగా ఉంటుంది. కాన్పుకు పది రోజుల ముందే అమ్మమ్మ దిగుతుంది. తల్లి ప్రసూతి సెలవులో ఉంటుంది. తండ్రి కూడా ఆఫీసులో ఎన్ని వారాలిస్తే అన్ని వారాలు పెట్టేస్తాడు. ఒక్క పసిబిడ్డ చుట్టూ ముగ్గురు పెద్దవాళ్ళు. ఆ తర్వాత ఒక్కొక్కరే తగ్గుతారు. తల్లి ఉద్యోగానికి వెళ్తుంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మకు సాధారణంగా ఇచ్చే ఆరు నెలల గడువు తీరిపోతుంది. తండ్రి సెలవు ఎప్పుడో ఖర్చయి ఉంటుంది. బిడ్డ పాకడం నేర్చి, మనిషిని గుర్తుపట్టి, కొత్తవాళ్ళ చేతికి ఇస్తే గుక్కపట్టి ఏడ్చే వయసు వచ్చేసరికి ఇంట్లో పగటిపూట మనిషి లేకుండా పోతాడు.

తండ్రులు సెలవు తక్కువ పెడుతున్నారన్నది ఒక సమస్య. పెట్టిన సెలవు కూడా అవసరం లేనప్పుడు ఖర్చవుతోందన్నది ఇంకో సమస్య. రెండోదాన్ని చాలావరకు మనమే సరిచేసుకోవచ్చు. ఆ సెలవును ఏకబిగిన వాడకుండా, కొంత దాచి, వారానికి ఒకటి రెండు రోజుల చొప్పున నెలల తరబడి పరచుకునే వీలు అక్కడి చట్టంలో ఉంది. అయితే ఆ వీలు అడగకుండా దొరికేది కాదు. ఎలా అడిగామన్నదాని మీదే చాలావరకు ఆధారపడుతుంది.

1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టాన్ని అక్కడ అందరూ ఎఫ్‌ఎంఎల్‌ఏ అంటారు. ఏడాదికి 12 వారాలు సెలవు పెట్టుకునే హక్కును, తిరిగి వచ్చాక అదే ఉద్యోగంలోనో దానికి సమానమైన ఉద్యోగంలోనో చేరే హక్కును అది ఇస్తుంది. జీతం ఇమ్మని మాత్రం చెప్పదు. ప్రైవేటు సంస్థల్లో ఇది అందరికీ వర్తించదు. పనిచేసే చోటుకు 75 మైళ్ళ లోపు ఆ సంస్థకు కనీసం 50 మంది ఉద్యోగులుండాలి. సెలవు అడిగేవారు అక్కడ 12 నెలలు పనిచేసి ఉండాలి, అందులో చివరి 12 నెలల్లో 1,250 గంటలైనా పని చేసి ఉండాలి. తల్లికీ తండ్రికీ హక్కు సమానమే. అయితే భార్యాభర్తలిద్దరూ ఒకే సంస్థలో ఉంటే, బిడ్డతో గడపడానికి ఇద్దరికీ కలిపి 12 వారాలే అని ఆ సంస్థ చెప్పవచ్చు.

అసలు మెలిక ఇక్కడ ఉంది. పుట్టిన బిడ్డతో గడపడానికి 12 వారాలు ఒకే దఫాగా అడిగితే, అర్హత ఉన్నవాళ్ళకు సంస్థ కాదనలేదు. అదే సెలవును విడివిడి రోజులుగా కావాలంటే మాత్రం సంస్థ ఒప్పుకోవాలి. కారణం అనారోగ్యమైతే సంగతి వేరు. బిడ్డకు తీవ్రమైన జబ్బు చేసి మళ్ళీ మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చినా, భార్య గర్భిణిగా ఉండగా డాక్టరు పరీక్షలకు తోడు వెళ్ళాల్సి వచ్చినా, విడి రోజుల కోసం ఎవరి అంగీకారమూ అక్కర్లేదు. వైద్యపరమైన అవసరం ఉందని తెలిస్తే చాలు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు వేయించే మామూలు టీకాలు ఈ కోవలోకి రావు. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న బిడ్డ దగ్గర మంగళవారం మంగళవారం కూర్చోవాలనుకునే తండ్రికి ఉన్న ఒకే దారి, ఆఫీసును ఒప్పించడం.

మన దేశంలో చట్టాలు విడి రోజులను ఇంతకన్నా బిగించి పట్టుకున్నాయి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్మికుడు తన వార్షిక సెలవును ఏడాదిలో మూడు దఫాలకు మించి వాడకూడదని రాసింది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకిచ్చే శిశు సంరక్షణ సెలవు ఒక్కో దఫా కనీసం 5 రోజులుండాలి. ఎప్పుడొస్తాడో ఎప్పుడు రాడో తెలియని మనిషితో పని సాగదన్న భయమే వీటన్నిటి వెనకా ఉంది. ఆ భయంలో నిజం లేకపోలేదు. ఒప్పించే కాగితం మొదట దానికే జవాబు చెప్పాలి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. టెక్సస్‌లో డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో భార్యాభర్తలు వేర్వేరు సంస్థల్లో పనిచేస్తున్నారు. మార్చి 3న బిడ్డ పుడుతుందనుకుందాం. తల్లి తన 12 వారాలు ఒకే దఫాగా వాడి మే నెలాఖరుకు పనిలో చేరుతుంది. అమ్మమ్మ ఫిబ్రవరి మూడో వారంలో వచ్చి ఆగస్టులో తిరిగి వెళ్తుంది. వారానికి ఐదు రోజులు పనిచేసే తండ్రికి 12 వారాలంటే 60 పని రోజులు. కాన్పు సమయంలో అతను ఉండి తీరాలి. అందుకు రెండు వారాలు, అంటే 10 రోజులు పోతాయి. 50 మిగులుతాయి. ఇక్కడొక గడువు గుర్తుంచుకోవాలి. బిడ్డతో గడపడానికిచ్చే ఈ సెలవు బిడ్డ పుట్టిన రోజు నుంచి 12 నెలల లోపే వాడుకోవాలి. మొదటి పుట్టినరోజు వచ్చేసరికి మిగిలి ఉన్న రోజులు ఆ పనికి చెల్లవు.

సెప్టెంబరు 1 మంగళవారం అయిందనుకుందాం. అప్పటి నుంచి వారానికి రెండు రోజుల చొప్పున 50 రోజులు 25 వారాలు వస్తాయి. ఫిబ్రవరి మూడో వారానికి పూర్తవుతాయి. గడువుకు ఇంకా పది రోజులకు పైగా వెసులుబాటు ఉంటుంది. అమ్మమ్మ విమానం ఎక్కింది మొదలు బిడ్డకు ఏడాది నిండబోయే దాకా, ప్రతి వారం రెండు రోజులు తండ్రి ఇంట్లో ఉంటాడు. అదే 60 రోజులు మార్చిలో మొదలుపెట్టి ఏకబిగిన వాడి ఉంటే మే చివరికల్లా ఒక్కటీ మిగిలేది కాదు. ఆ మూడు నెలలూ ఇంట్లో తల్లి, అమ్మమ్మ ఉండనే ఉన్నారు.

ఏ రెండు రోజులన్నది తేలిగ్గా తీసుకోవలసిన విషయం కాదు. చాలామందికి మొదట తోచేది శుక్రవారం, లేకపోతే సోమవారం. నా లెక్కలో మంగళ, గురువారాలు అన్ని విధాలా మేలు. డేకేర్లలో ఐదు రోజులూ పంపని పిల్లలకు సీటు ఇచ్చేచోట, సాధారణంగా సోమ, బుధ, శుక్రవారాలు ఒక జట్టుగా, మంగళ, గురువారాలు ఇంకో జట్టుగా ఇస్తారు. తండ్రి మంగళ, గురువారాలు చూసుకుంటే మూడు రోజుల సీటు అతికినట్టు సరిపోతుంది. నెలల పసివాళ్ళ సీట్లకు ముందుగా పేరు రాయించుకోవాలి కాబట్టి, రోజులు ఖాయం చేసుకోవడానికి ముందే డేకేరులో ఏ రోజులు దొరుకుతాయో కనుక్కోవాలి. ఆఫీసు వైపు నుంచి చూసినా ఇదే మంచిది. మంగళ, గురువారాల మధ్య బుధవారం ఉంటుంది. అతని కోసం ఆగిన ఏ ప్రశ్నా ఒక్క పనిరోజుకు మించి ఆగదు. గురు, శుక్రవారాలు కలిపి పెడితే శని, ఆదివారాలతో నాలుగు రోజులు కనిపించకుండా పోయినట్టవుతుంది. దాన్ని మేనేజర్ సెలవుగా కాక షికారుగా చూసే ప్రమాదం ఉంది.

పండుగ సెలవుల లెక్కలోనూ విడి రోజులకు చిన్న లాభం ఉంది. వారం మొత్తం ఎఫ్‌ఎంఎల్‌ఏ సెలవులో ఉంటే, ఆ వారంలో వచ్చిన పండుగ సెలవు కూడా ఆ 12 వారాల్లోనే కలిసిపోతుంది. వారంలో కొన్ని రోజులే సెలవు పెట్టినప్పుడు, ఆఫీసుకు ఎలాగూ సెలవైన రోజును మన ఖాతాలో కోయకూడదు. నవంబరులో థాంక్స్‌గివింగ్ ఎప్పుడూ గురువారమే. మన ఉదాహరణలోని తండ్రికి ఆ గురువారం మిగిలిపోతుంది, దాన్ని ఫిబ్రవరి చివరి మంగళవారం వాడుకోవచ్చు.

డబ్బు సంగతి దాచిపెట్టి ఈ మాట చెప్పడం సరికాదు. సంస్థ తన వంతుగా జీతంతో కూడిన సెలవేదీ ఇవ్వకపోతే, ఈ 25 వారాలూ వారానికి మూడు రోజుల జీతమే వస్తుంది. అంటే అరవై శాతం. మొత్తం మీద పోయే జీతం ఏకబిగిన పెట్టినా విడిగా పెట్టినా ఒకటే. తేడా ఎక్కడంటే, ఏకబిగిన పెడితే ఆ వారాలు జీతం పూర్తిగా ఆగుతుంది, ఇంటి వాయిదా మాత్రం ఆగదు. విడిగా పెడితే ప్రతి జీతంలో కొంత తగ్గుతుంది కానీ చేతికి ఎంతో కొంత వస్తూనే ఉంటుంది. ఆరోగ్య బీమాను సంస్థ మునుపటి షరతులతోనే కొనసాగించాలి. మన వంతు ప్రీమియం మాత్రం కట్టుకుంటూనే ఉండాలి. కూడబెట్టుకున్న జీతపు సెలవులుంటే వాటిని ఈ రోజులకు వాడుకోవచ్చు, సంస్థే వాడమని పట్టుబట్టవచ్చు కూడా. అప్పుడు రెండూ ఒకేసారి ఖర్చవుతాయి. జీతపు సెలవు వాడాను కదా, ఎఫ్‌ఎంఎల్‌ఏ రోజులు అలాగే ఉన్నాయని లెక్క వేసుకుంటే పొరపాటు పడతారు.

ఇక అడగడం. ముందుగా తెలిసిన సెలవుకు కనీసం 30 రోజుల ముందు చెప్పాలని నిబంధన. విడి రోజులకు అది ఏ మూలకూ చాలదు. పనులు పంచుకోవడానికి మేనేజర్‌కు సమయం కావాలి, బేరసారాలకు మనకు సమయం కావాలి. మార్చి కాన్పు, సెప్టెంబరు నుంచి విడి రోజులు అనుకున్నప్పుడు, మొదటి మాట జనవరిలోనే పడటం మంచిది. రెండు వారాల సెలవు, విడి రోజులు ఒకే ప్రణాళికలో రెండు భాగాలని అప్పుడే చెప్పాలి. మార్చిలో రెండు వారాలు తీసుకుని, ఆగస్టులో వచ్చి ఇంకో యాభై రోజులున్నాయంటే, న్యాయం మన వైపే ఉన్నా విన్నవాళ్ళకు అది కొత్త కోరికలా వినిపిస్తుంది.

కాగితం ఒక పేజీ దాటకూడదు. మొదటి వాక్యంలోనే ఏ చట్టం కింద, ఎన్ని రోజులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది ఉండాలి. దాని కింద నెలవారీగా తేదీలు, ఒక్కో నెల చివర మిగిలే రోజుల సంఖ్య. సెప్టెంబరు 1 నాటికి 50, సెప్టెంబరు నెలాఖరుకు 41, అక్టోబరు ఆఖరుకు 32. ఈ పట్టిక వల్ల మేనేజర్ మనసులోని మొదటి భయం పోతుంది. ఎప్పుడొస్తాడో తెలియని మనిషి కాదు, ఆరు నెలల ముందే ఏ రోజు ఉండడో చెప్పిన మనిషి అని అర్థమవుతుంది.

రెండో భాగం పని గురించి. ఎక్కువ కాగితాలు తప్పేది ఇక్కడే. ‘నా పని ఏదీ ఆగదు, అన్నీ చూసుకుంటాను’ అని రాయడం మన అలవాటు. మర్యాదగా ఉంటుంది కానీ నిజం కాదు. మూడు రోజుల్లో ఐదు రోజుల పని చేస్తానని ఒప్పుకున్నవాడు మంగళవారం రాత్రి బిడ్డ నిద్రపోయాక లాప్‌టాప్ తెరుస్తాడు. జీతం కోయించుకుని, సెలవూ లేకుండా పోతుంది. ఏకబిగిన సెలవు పెట్టినప్పుడు సంస్థ ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడుతుంది. విడి రోజులకు ఎవరూ రారు, ఆ పని పక్కవాళ్ళ మీద పడుతుంది. అది ఒప్పుకుని, దాచకుండా రాయాలి. ఈ 25 వారాల్లో నేను చేసేది అరవై శాతం పని. నా చేతిలో ఉన్నవాటిలో ఈ రెండు ఉంచుకుంటాను, ఈ ఒకటి ఫలానావారికి అప్పగించవచ్చు, ఈ మరొకటి మార్చి దాకా ఆగితే నష్టం లేదు. పని అందుకోబోయే సహోద్యోగితో ముందే మాట్లాడి, అతను ఒప్పుకున్నాకే అతని పేరు రాయాలి. ఆన్‌కాల్ వంతులుంటే సోమ, బుధ, శుక్రవారాల్లో తన వాటా ఎంతో ఇందులోనే చెప్పాలి.

మూడో భాగం మార్పుల గురించి. రిలీజ్ ఉన్న వారంలో గురువారం రావలసి వస్తే, వారం ముందు చెబితే ఆ రోజును శుక్రవారానికో మరుసటి వారానికో జరుపుకుంటానని, జరిపిన రోజు పోయినట్టు కాదని రెండు వాక్యాల్లో రాయాలి. ఈ వాక్యాలు లేకపోతే మొదటి రిలీజ్‌లోనే ఒక రోజు, రెండో రిలీజ్‌లో మరో రోజు చడీచప్పుడు లేకుండా కరిగిపోతాయి. ఆరు వారాలయ్యాక కూర్చుని, పని ఎలా సాగుతోందో ఇద్దరం చూసుకుందామని కూడా రాస్తే మంచిది. ఆరు నెలలకు సరేననడానికి వెనకాడే మేనేజర్ ఆరు వారాలకు సరేనంటాడు.

మేనేజర్ నోటితో సరేనన్నంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. సెలవు మంజూరు చేసేది హెచ్‌ఆర్, పెద్ద సంస్థల్లోనైతే సెలవుల లెక్కలు చూసే బయటి కంపెనీ. సెలవు అడిగాక మామూలుగా ఐదు పనిదినాల్లో అర్హత ఉందో లేదో సంస్థ చెప్పాలి. తర్వాత ఎఫ్‌ఎంఎల్‌ఏ కింద ఎన్ని రోజులు లెక్కిస్తున్నారో తెలిపే నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ నోటీసులో ‘విడివిడిగా’ అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి. చాలా దరఖాస్తు ఫారాల్లో మొదలు తేదీ, చివరి తేదీ అనే రెండు గడులే ముందు కనిపిస్తాయి. వాటిలో సెప్టెంబరు, ఫిబ్రవరి అని నింపి ఊరుకుంటే, ఆరు నెలలు ఏకబిగిన అడిగాడనుకుని వెనక్కి పంపేస్తారు.

హెచ్‌-1బి వీసాపై ఉన్నవాళ్ళకు ఈ రాతకోతలు మరీ ముఖ్యం. పని లేదన్న పేరుతో జీతం ఆపడానికి సంస్థకు అధికారం లేదు. ఉద్యోగి తన సొంత అవసరం కోసం, తానే కోరి తీసుకున్న సెలవుకు మాత్రం జీతం ఇవ్వకపోయినా తప్పు కాదు. కాబట్టి అడిగింది ఉద్యోగే అని తెలిపే దరఖాస్తు, మంజూరు కాగితం రెండూ భద్రపరచుకోవాలి. వీసా పొడిగింపు సమయంలో ఆ నెలల్లో జీతం ఎందుకు తగ్గిందన్న ప్రశ్న వస్తే జవాబు చెప్పేవి ఇవే.

ఒప్పుకోరనుకుందాం. టెక్సస్‌లోని ప్రైవేటు ఉద్యోగికి ఈ విషయంలో కేంద్ర చట్టమే దిక్కు. న్యూజెర్సీలో అలా కాదు, అక్కడి రాష్ట్ర చట్టం ప్రకారం 2019 నుంచి బిడ్డతో గడిపే సెలవును విడివిడిగా తీసుకోవడానికి యజమాని అంగీకారం అక్కర్లేదు. కాలిఫోర్నియా నిబంధనల్లో ఒక్కో దఫా కనీసం రెండు వారాలుండాలి, అంతకన్నా చిన్న దఫాలు రెండుసార్లు మాత్రం ఇచ్చి తీరాలి. ఏ రాష్ట్రంలో ఉన్నామో దాన్నిబట్టి అడిగే గొంతు మారుతుంది. అంగీకారం తప్పనిసరైన చోట, రెండో ప్రతిపాదన కూడా చేతిలో పెట్టుకుని వెళ్ళాలి. మన ఉదాహరణలో వారానికి రెండు రోజులు కుదరదంటే, వారానికి ఒక రోజు చొప్పున 25 వారాలు, మిగిలిన 25 రోజులు పూర్తి వారాలుగా అడగవచ్చు. సెప్టెంబరులో డేకేర్ అలవాటయ్యే రెండు వారాలకు, డిసెంబరులో పని మందగించే రెండు వారాలకు, జలుబులు ముదిరే జనవరిలో ఒక వారానికి అవి సరిపోతాయి. ఒప్పుకుంటూనే, ఈ నెలల వరకు వేరే స్థానంలో పనిచేయమని సంస్థ అడగవచ్చు. జీతం, సౌకర్యాలు సమానంగా ఉన్నంత వరకు చట్టం దానికి అడ్డు చెప్పదు. అలాంటి మార్పు వస్తుందా అని ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

మంజూరయ్యాక చెడేది ఎక్కడంటే, సుమారు మూడో నెలలో. మొదట ‘ఐదు నిమిషాల ఫోన్’ వస్తుంది. తర్వాత గురువారం మీటింగుకు ఆహ్వానం వస్తుంది, ఇష్టముంటేనే రమ్మంటారు. మూడో వారానికి వెళ్ళకపోతే బాగుండదనిపిస్తుంది. సంస్థ కోరిన పని చేసిన సమయాన్ని ఎఫ్‌ఎంఎల్‌ఏ సెలవుగా కోయకూడదు. అందుకని ఒక చిన్న పట్టికలో ప్రతి మంగళ, గురువారాల ఎదుట ‘సెలవు’ అనో ‘పని’ అనో ఆ రోజే రాసుకోవాలి. నెలాఖరున దాన్ని హెచ్‌ఆర్ లెక్కతో పోల్చి చూసుకోవాలి. వాళ్ళ లెక్కలో మిగిలిన రోజులు మన లెక్క కన్నా తక్కువ కనిపిస్తే, పండుగ గురువారాన్ని కోశారేమో, పనిచేసిన రోజును కోశారేమో ఆ నెలలోనే అడగాలి. ఫిబ్రవరిలో అడిగితే, సరిచేసి ఇచ్చిన రోజులను వాడుకోవడానికి తేదీలు మిగలవు.

ఇంకొక్క విషయం ముందే ఆలోచించుకోవాలి. 12 వారాలను ఏ ఏడాదిలో లెక్కించాలో సంస్థే నిర్ణయిస్తుంది. కొన్ని సంస్థలు జనవరి నుంచి డిసెంబరు లెక్క పాటిస్తాయి. అక్కడ జనవరి 1న ఖాతా కొత్తగా మొదలవుతుంది, మన తండ్రికి పుట్టినరోజు లోపు మరికొన్ని రోజులు కలిసి రావచ్చు. మరికొన్ని సంస్థలు సెలవు అడిగిన ప్రతిరోజూ వెనక్కి 12 నెలలు చూసి, అందులో వాడింది తీసేస్తాయి. అక్కడ ఫిబ్రవరి చివరికి ఖాతా దాదాపు ఖాళీ. మార్చిలో కాన్పుకు వాడిన 10 రోజులు మళ్ళీ మార్చిలో తిరిగి వస్తాయి, ఆ తర్వాత సెప్టెంబరు దాకా కొత్తగా ఏమీ చేరదు. ఆ మధ్యలో తనకే ఆపరేషన్ అవసరం పడినా, ఊళ్ళో నాన్నగారికి గుండెనొప్పి వచ్చి పరుగెత్తాల్సి వచ్చినా ఆ 10 రోజులతోనే సర్దుకోవాలి. ఇంట్లో పెద్దల ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నవాళ్ళు 50 రోజులూ రాసేయకుండా, మొదటి కాగితంలోనే 40 రోజులకు ప్రణాళిక వేసి పది పక్కన పెట్టుకోవడం నా దృష్టిలో తెలివైన పని. వారానికి రెండు రోజుల వంతును అప్పుడు సెప్టెంబరులో కాక, అమ్మమ్మ వెళ్ళాక డేకేర్ ఐదు రోజులూ దొరికే వీలుంటే, అక్టోబరు మొదటి వారంలో మొదలుపెట్టుకోవచ్చు.